4.5 మీటర్ల వెడల్పుకు 14 మీటర్ల కోత

ఉత్తరాఖండ్‌లో 889 కిలోమీటర్ల చార్‌ధామ్ రహదారుల విస్తరణపై సుప్రీంకోర్టులో సాగిన వాదమంతా ఒక్క అంకె చుట్టూ తిరిగింది. కొండ ప్రాంతాల్లో తారు వెడల్పు 5.5 మీటర్లకు మించరాదని కేంద్ర రహదారుల శాఖే 2018 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. దానికి కట్టుబడాలని 2020 సెప్టెంబరులో న్యాయస్థానం ఆదేశించింది. మూడు నెలలు దాటగానే శాఖ తన ఉత్తర్వును సవరించుకుని, సరిహద్దుకు దారితీసే రహదారులకు 10 మీటర్ల వెడల్పు ఉండవచ్చని చెప్పింది. 2021 డిసెంబరు 14న న్యాయస్థానం ఆ 10 మీటర్లకు అనుమతి ఇచ్చింది. వెంటనే పత్రికలు, టీవీ చర్చలు దీన్ని సైన్యానికీ పర్యావరణానికీ మధ్య పోటీగా చిత్రించాయి. ఎవరి పక్షం వారు తీసుకున్నారు. ఆ 4.5 మీటర్ల తేడా కొండ మీద ఎంత ఎత్తు కోత అవుతుందన్న ప్రశ్న మాత్రం సాంకేతిక నివేదికలు దాటి బయటికి రాలేదు.

లెక్క కష్టమైనది కాదు. అదనపు వెడల్పు అంతా కొండ వైపునుంచే తీస్తున్నారనుకుందాం. సహజ వాలు 45 డిగ్రీలు ఉన్నచోట, ఒక మీటరు లోపలికి నాలుగు మీటర్లు పైకి లేచేలా కోత పెడితే, 4.5 మీటర్ల వెడల్పుకు కోత మరో 6 మీటర్లు ఎత్తు పెరుగుతుంది. అదే కొండ వాలు 60 డిగ్రీలైతే పెరిగే ఎత్తు దాదాపు 14 మీటర్లు. ఎందుకంటే అక్కడ కోత ముఖమూ కొండ ముఖమూ దాదాపు పక్కపక్కనే పైకి సాగుతాయి. రెండూ కలిసేచోటు ఎక్కడో పైన ఉంటుంది. ఇక కోతను ఏటవాలుగా పెట్టండని దూరంనుంచి సలహా ఇచ్చేవారు గుర్తించవలసింది ఇదే: 60 డిగ్రీల కొండలో 60 డిగ్రీల కోత పెడితే ఆ రెండు గీతలు శిఖరం దాకా కలవనే కలవవు.

గుత్తేదారుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే కొండను నిట్టనిలువుగా కోస్తే పెరిగే ఎత్తు 14 మీటర్లు కాదు, 8 మీటర్లే. తవ్వే రాయి తగ్గుతుంది, పైనున్న అటవీ భూమికి అనుమతి అడగవలసిన అవసరం తగ్గుతుంది, పని త్వరగా ముగుస్తుంది. హిమాలయ రహదారుల వెంట గోడల్లా నిలిచిన పచ్చి కోతలు అజ్ఞానం వల్ల వచ్చినవని అనుకోవడం పొరపాటు. అవి రహదారికి కేటాయించిన స్థలం ఇరుకు కావడం వల్ల వచ్చినవి.

నిట్టనిలువు కోత ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. రాయిలోని పగుళ్లు ఎటు వాలి ఉన్నాయన్నదే అసలు సంగతి. హిమాలయ శిలలు చాలాచోట్ల పుస్తకంలో పుటల్లా పొరలుపొరలుగా ఉంటాయి. ఆ పొరలు కొండ లోపలికి వాలి ఉంటే నిటారు కోత కూడా చాలాకాలం నిలవవచ్చు. రహదారి వైపు వాలి ఉంటే కథ వేరు. పొర వాలు 45 డిగ్రీలు, కోత 75 డిగ్రీలు అనుకోండి. కోత ఆ పొర అడుగును తెగ్గొట్టి గాలిలోకి వదిలేస్తుంది. పైనున్న రాతిని పట్టి ఉంచేది ఇక పొరల మధ్య రాపిడి మాత్రమే. ఆ రాపిడి సాధారణంగా 30, 35 డిగ్రీల వాలు వరకే ఆదుకోగలదు. వాననీరు పగుళ్లలో నిండి ఒత్తిడి పెంచితే అంత కూడా ఆదుకోదు. ఒకే నదికి ఒక గట్టున పొరలు రహదారి వైపు, ఎదుటి గట్టున కొండ లోపలికి వాలి ఉండటం మామూలే. అలాంటి లోయలో పదుల కిలోమీటర్లకు ఒకే కోణాన్ని టెండరులో రాసిపెట్టారంటే, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కాగితం రాసిన తరువాతే వచ్చాడని అర్థం.

రాయి ఎలాగూ పడుతుందని ఒప్పుకున్న తరువాత వచ్చే ప్రశ్న, అది ఎక్కడ ఆగాలి అన్నది. దీనికి మొదట పద్ధతిగా సమాధానం వెదికినవాడు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర రహదారుల విభాగంలో పనిచేసిన ఆర్థర్ రిచీ. నిజమైన కొండవాలుల మీదనుంచి రాళ్లు దొర్లించి, వాటి గమనాన్ని చిత్రీకరించి, 1963లో ఫలితాలు ప్రచురించాడు. బాగా నిటారైన ముఖం మీదనుంచి రాయి తిన్నగా పడి కోత అడుగునే వాలుతుంది. వాలు కొంత తగ్గితే గెంతుతూ వచ్చి దూరం విసురుకుపోతుంది. ఇంకా తగ్గితే నేలను అంటిపెట్టుకుని దొర్లుతుంది. పడిన తరువాత కూడా దానిలో మిగిలిన గిరగిర తిరుగుడు దాన్ని రహదారి మీదికి తీసుకుపోతుంది. అందుకే కోత అడుగున, రహదారికి ముందు, ఒక కందకం ఉండాలన్నాడు. కోత ఎత్తునుబట్టి, వాలునుబట్టి దాని వెడల్పూ లోతూ ఎంత ఉండాలో పట్టిక ఇచ్చాడు. 2001లో వెలువడిన ఆరెగాన్ రహదారుల విభాగం మార్గదర్శిని కోసం 11,250 రాళ్లను దొర్లించి చూశారు. ఆ గ్రాఫులు చూసి ఇంజనీరు, ఇంత వెడల్పు కందకమైతే నూటికి ఇన్ని రాళ్లు ఆగుతాయని చెప్పగలడు. తొంభై ఆగితే చాలా, తొంభైతొమ్మిది ఆగాలా అన్నది మాత్రం గ్రాఫు చెప్పదు. అది ప్రభుత్వం చెప్పవలసిన మాట. మన దేశంలో ఏ మంత్రి నోటినుంచీ అటువంటి సంఖ్య నేను వినలేదు.

కందకానికీ స్థలం కావాలి. పైన వేసిన లెక్క ప్రకారమే, 60 డిగ్రీల కొండలో ప్రతి మీటరు కందకానికీ కోత మరో మూడు మీటర్లు పెరుగుతుంది. పెరిగిన కోతకు మరింత వెడల్పు కందకం కావాలి. ఈ వలయంనుంచి తప్పించుకోవడానికి అందరికీ తట్టే ఉపాయం మెట్లు, అంటే కోత మధ్యలో అడ్డంగా అరుగులు వదలడం. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు చూసినవారికి ఆ మెట్లు పరిచయమే. గనిలో వాటికి పని ఉంది: యంత్రాలు వాటి మీదే తిరుగుతాయి, పడిన రాయిని వాటి మీదనుంచే ఎత్తుతాయి. రహదారి కోతలో మూడు మీటర్ల మెట్టు మీదికి ఏ యంత్రమూ ఎక్కదు. రెండు మూడు వానాకాలాల్లో అది రాళ్లతో నిండి ఏటవాలుగా మారుతుంది. ఆ తరువాత పైనుంచి నిలువుగా పడి కందకంలో ఆగవలసిన రాయి ఆ వాలు మీద తగిలి, ఎగిరి, నేరుగా రహదారి మధ్యలో పడుతుంది. మెత్తని మట్టి, శిథిల శిల ఉన్నచోట నీటిని మళ్లించడానికి మెట్లు అవసరమే. గట్టి రాతిలో శుభ్రం చేసే దారి లేని ఇరుకు మెట్టు రక్షణ కాదు. అయినా నమూనా పటంలో అది చక్కగా కనిపిస్తుంది కనుక వదులుతూనే ఉన్నారు.

ఇక వల కంచె. ఒక మీటరు ఘనపు బండ రెండున్నర టన్నులకు కాస్త పైనే తూగుతుంది. అది 40 మీటర్లు తిన్నగా పడితే గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అప్పుడు దానిలోని శక్తి దాదాపు 1,000 కిలోజౌళ్లు. పది టన్నుల బస్సు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత. కాంక్రీటు గోడ దీన్ని తట్టుకోవడానికి ప్రయత్నించి పగులుతుంది. ఉక్కు వలయాలతో అల్లిన కంచె తట్టుకోదు, లొంగుతుంది: వల సాగుతుంది, తాళ్లకు అమర్చిన బ్రేకు భాగాలు జారుతూ శక్తిని మింగుతాయి. ఐరోపా పరీక్షా విధానంలో ప్రతి కంచెకూ అది ఆపగల శక్తి ఇంతని నిర్ధారిస్తారు. ఆ గరిష్ఠ శక్తితో ఒకే ఒక్క దెబ్బ కొట్టి చూస్తారు. అంటే పెద్ద బండను ఆపిన కంచె, రెండో పెద్ద బండకు సిద్ధంగా ఉందన్న హామీ లేదు.

ఇందులో మన రహదారులకు సంబంధించిన చిక్కు ఒకటుంది. వల సాగి ఆపుతుంది కనుక దాని వెనుక కొన్ని మీటర్ల ఖాళీ ఉండాలి. తారు అంచునే కంచె పాతితే, ఆగిన బండ వలతో సహా బస్సు కిటికీలోకి వస్తుంది. మరో రకం, కోత ముఖం మీద తెరలా వేలాడదీసే ఇనుప వల. అది రాయిని ఆపదు, ఎగరకుండా అడుగు దాకా నడిపిస్తుంది; కనుక దానికీ అడుగున కందకం ఉండాలి. ఏ మార్గం ఎంచుకున్నా చివరికి అడిగేది స్థలమే.

కంచె పరిమితి ఎక్కడో 2021 వేసవి వానలు హిమాచల్‌లో చూపించాయి. జులై 25న కిన్నౌర్ జిల్లా బట్సేరి వద్ద ఎక్కడో పైనున్న సహజ వాలునుంచి గెంతుతూ వచ్చిన బండలు పర్యాటకుల వాహనాన్ని చితకగొట్టాయి. తొమ్మిది మంది చనిపోయారు. రహదారి పక్క కోతకు ఎంత మెరుగు పెట్టినా అక్కడ ఫలితం ఉండదు. రాయి బయలుదేరే చోటును గుర్తించి, దారి మధ్యలో ఎత్తున కంచె వేయాలి, లేదా వానవేళ రాకపోకలు ఆపాలి. ఆగస్టు 11న అదే జిల్లాలో నిగుల్‌సరి దగ్గర జాతీయ రహదారి మీద కొండచరియ కూలి బస్సుతో సహా వాహనాలను కప్పేసింది; 28 మంది మరణించారు. అది విడి రాయి కాదు, కొండ ముక్కే. విడి బండ శక్తికి లెక్కగట్టిన వల అంత రాశి ముందు నిలవదు. ఈ రెండింటినీ ఒకే ‘కొండచరియల ప్రమాదం’ పద్దు కింద రాసి, రెండింటికీ ఒకే వల కొనే అలవాటు పోవాలి. అదే ఏడాది డిసెంబరు మొదట్లో తిరుమల రెండో కనుమ దారి మీద పెద్ద బండలు పడి రహదారి ధ్వంసమైనప్పుడు మన దగ్గరా చర్చ ఇలాగే కలగాపులగమైంది.

న్యాయస్థానం 10 మీటర్లు అన్నది. సైన్యానికి ఆ వెడల్పు అవసరమని నేను ఒప్పుకుంటాను. అయితే 10 మీటర్లూ కొండవైపే తీయాలని ఎవరూ అనలేదు. నిటారు చోట్ల లోయ వైపు గోడ కట్టి, స్తంభాల మీద సగం రహదారిని నిలబెట్టి, లేదా సొరంగం తవ్వి వెడల్పు సంపాదించవచ్చు. అది ఖరీదైనదే. ఆ ఖర్చు మొదటి అంచనాలో కనిపించకపోవడానికి కారణం, కోతకు ఒక టెండరు, కోత పడిపోయాక దాని రక్షణకు మరొకటి పిలవడం. ఈ పథకాన్ని 53 ముక్కలు చేసి, ఒక్కొక్కటి వంద కిలోమీటర్లకు లోపే ఉంచి, పర్యావరణ ప్రభావ అధ్యయనం లేకుండా గడిపేసిన ప్రభుత్వానికి ఈ విడదీత కొత్త విద్య కాదు. కందకాన్ని రహదారి వెడల్పులో భాగంగానే లెక్కించాలన్న ఒక్క వాక్యం ప్రమాణాల్లో చేర్చితే, 10 మీటర్ల రహదారి ఎక్కడ సాధ్యమో ఎక్కడ కాదో కొండ కోయకముందే కాగితం మీద తేలిపోతుంది.

కట్టిన తరువాత జరిగేది చూడటానికి ఇంజనీరే కానక్కర్లేదు. తారు మీద తాజా గుంటలు, కోతకు ఎదురుగా ఉన్న రెయిలింగు మీద సొట్టలు ఉంటే రాళ్లు కందకాన్ని దాటుతున్నట్టే. కంచె వల కిందిభాగం రాళ్లతో బొజ్జలా ఉబ్బి ఉంటే దాని ఎత్తు ఇక కాగితం మీది ఎత్తు కాదు. సిమెంటు పూసిన కోతలో నీటి రంధ్రాలు జోరువానలో కూడా పొడిగా ఉన్నాయంటే నీరు లోపలే చేరుతోందని అనుమానించాలి. కోత అంచుకు పైన నేలలో కొత్త పగులు కనిపిస్తే, ఆ రోజే వాహనాలు ఆపాలి. కందకం ఎత్తడానికి, వల ఖాళీ చేయడానికి ఏటా ఎంత కేటాయించారో, అందులో ఎంత ఖర్చయిందో సమాచార హక్కు కింద అడగవచ్చు. ఉత్తరాఖండ్, హిమాచల్ ఎంపీలు పార్లమెంటులో అడగగలిగిన ప్రశ్న కూడా అదే: నిర్మాణ కాలం తరువాత ఈ పని ఎవరి పద్దులో ఉంది, గుత్తేదారు బాధ్యత ఏ సంవత్సరంతో ముగుస్తుంది?