మొదట విన్న నంబరే జవాబు కాదు

ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ అంటే మనవాళ్లు భయపడేది నాలుగో భాగంలో వచ్చే లెక్చర్‌కి. నా లెక్క వేరు. చేతికందే మార్కులు జారిపోయేది మొదటి భాగంలోనే. అందులో ఇద్దరు మాట్లాడుకుంటారు, మనం నోట్స్‌లో ఖాళీలు నింపాలి. పేరు, ఫోన్ నంబర్, రోజు, అద్దె... అన్నీ అర్థమయ్యే మాటలే. కానీ ఆడియో ఒక్కసారే వస్తుంది. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా మార్కు రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గది అద్దె కోసం ఫోన్ చేసిన అమ్మాయి తన ఇంటిపేరు ఒక్కో అక్షరంగా చెబుతుంది: "జీ, ఈ, ఏ, ఆర్, వై". రాయాల్సింది Geary. మనలో కొందరు Jiary అని రాసేస్తారు. తప్పు చెవిది కాదు, వాట్సాప్ అలవాటుది. రోజూ తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే వేళ్లకి 'ఈ' అంటే i, 'జీ' అంటే ji. అక్షరం పేరు చెబుతుంటే వేళ్లు శబ్దాన్ని టైప్ చేస్తాయి. కంప్యూటర్ పరీక్షలో తప్పు కింద ఎర్రగీత కూడా పడదు మరి!

తర్వాత అద్దె. యజమాని "వారానికి 115 పౌండ్లు" అంటాడు. మీరు రాసేసి తర్వాతి ఖాళీకి వెళ్లిపోతారు. అంతలో అతను "సారీ, అది కిందటేడాది రేటు, ఇప్పుడు 150" అంటాడు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి ఫిఫ్టీన్, ఫిఫ్టీల తేడా. ఏ భాగాన్ని ఒత్తి పలికారో చూడమంటారు గానీ, వెనక 'పౌండ్స్' లాంటి మాట వస్తే ఆ ఒత్తు మారిపోవచ్చు. చివర 'న్' వినిపించిందా లేదా అన్నదే నమ్మకమైన గుర్తు. రెండోది దిద్దుబాటు. అది ఎప్పుడూ 'సారీ'తోనే రాదు. "మంగళవారం రానా?" అని అమ్మాయి అడుగుతుంది. "ఆ రోజు ఊళ్లో ఉండను, గురువారమైతే?" అంటాడతను. "సరే" అంటుంది. 'కాదు' అన్న మాటే లేదు, జవాబు మాత్రం మారిపోయింది.

అందుకే విన్నది వెంటనే రాయండి, కానీ మాట తర్వాతి విషయానికి మళ్లేదాకా దాన్ని ఖాయం చేయకండి. నోట్స్‌లో 'అద్దె' కింద 'బస్సు' అని ఉంటే, బస్సు ప్రస్తావన వచ్చాకే అద్దె కథ ముగిసినట్టు.

దీనికి రోజుకో మాక్ టెస్ట్ అక్కర్లేదనే నేనంటాను. భోగాపురం నుంచి విశాఖ కోచింగ్‌కి వెళ్లే బస్సులో పక్కన ఫ్రెండ్ ఉంటే చాలు. అయితే పోలిపల్లి, సవరవిల్లి లాంటి మన ఊళ్ల పేర్లు పనికిరావు. తెలిసిన పేరైతే సగం వినగానే మిగతాది బుర్రే నింపేస్తుంది. ఫోన్‌లో బ్రిటన్ మ్యాప్ తెరిచి, మీరెప్పుడూ వినని వీధి పేరొకటి అక్షరం అక్షరం చదవమనండి. 'డబుల్ ఎల్' అంటే ll రాయాలి. తర్వాత ఒక ఫోన్ నంబర్ చెప్పమనండి. అందులో సున్నాని 'ఓ' అనాలి, మధ్యలో ఒక అంకెని చెప్పాపెట్టకుండా మార్చాలి. పదిసార్లలో ఎన్నిసార్లు పాత అంకె మిగిలిందో మీ కాగితమే చెబుతుంది.