రాజీనామా చేస్తే గ్రాట్యుటీ పోతుందా?

గల్ఫ్ నుంచి కాంట్రాక్టు మధ్యలో తిరిగొచ్చిన కార్మికుల వార్తలన్నీ మన పత్రికల్లో ఒకే మూసలో వస్తాయి. గడువు పూర్తికాకుండా వచ్చేశాడు, కంపెనీ చేతులెత్తేసింది, బాధితుడు ప్రభుత్వాన్ని వేడుకుంటున్నాడు. ఏ దేశమో ఉంటే ఉంటుంది. ఏ చట్టం కింద పనిచేశాడు, చివరి పనిదినం ఎప్పుడు, రాసిచ్చింది ఏమిటి అన్నవి మాత్రం ఉండవు. మధ్యలో మానేసినవాడికి సర్వీసు డబ్బు రాదన్నది అడగనక్కరలేని నిజమన్నట్టు వార్త సాగిపోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి ఎక్కువమంది వెళ్లే దేశాల్లో ఒకటైన యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి ఇది నిజం కాదు. ఇక్కడ నేను మాట్లాడేది ఆ దేశపు ప్రైవేటు కంపెనీల కార్మికుల గురించే. ఇంటిపనివారికి వేరే చట్టం ఉంది. దుబాయ్, అబూధాబీల్లోని ఆర్థిక ఫ్రీజోన్లకు వాటి సొంత నిబంధనలున్నాయి.

క్యాంపుల్లో పాతకాపులు కొత్తవాళ్లకు చెప్పే 'అయిదేళ్లు నిండనిదే ఏమీ రాదు' అన్న మాట గాలిలోంచి పుట్టలేదు. 1980 నాటి కార్మిక చట్టం అలాగే ఉండేది. దాని 138వ అధికరణం ప్రకారం, గడువున్న కాంట్రాక్టు మీద పనిచేసేవాడు గడువుకు ముందే తానుగా మానేస్తే, అయిదేళ్ల సర్వీసు దాటితే తప్ప గ్రాట్యుటీ లేదు. గడువు లేని కాంట్రాక్టయితే 137వ అధికరణం మెట్లు కట్టింది: ఏడాది నుంచి మూడేళ్ల లోపు మూడో వంతు, మూడు నుంచి అయిదేళ్ల దాకా మూడింట రెండొంతులు, ఆపైన పూర్తిగా. నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోతే ఉన్నదంతా పోయే ఏర్పాటు 139లో ఉండేది. అంటే సర్వీసు డబ్బును ఆ చట్టం విధేయతకు బహుమానంగా చూసింది. 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ఆ మెట్లన్నీ తీసేసింది. దాని 51వ అధికరణం అడిగేది ఒక్కటే, ఏడాది సర్వీసు నిండిందా అని. నిండితే మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, తర్వాతి ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. మిగిలిన నెలలకు ఆ నిష్పత్తిలోనే లెక్క. మానేసింది కార్మికుడా, తీసేసింది కంపెనీయా అన్న తేడా ఇందులో లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగున్నరేళ్లు పనిచేసిన మేస్త్రీకి బేసిక్ 1,000 దిర్హాములు, అలవెన్సులు 500 అనుకుందాం. నాలుగున్నరను 21తో గుణిస్తే 94.5 రోజులు. రోజు బేసిక్ 33.33 కాబట్టి గ్రాట్యుటీ 3,150 దిర్హాములు. పాత చట్టం కింద గడువు కాంట్రాక్టయితే ఇతనికి సున్నా, గడువు లేనిదైతే 2,100 వచ్చేవి. కాంట్రాక్టులో నోటీసు 30 రోజులని ఉండి, ఇతను ఒక్కరోజు కూడా పనిచేయకుండా వెళ్లిపోతే ఆ నెల జీతం కంపెనీకి బాకీపడతాడు. ఇక్కడో మెలిక ఉంది. గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీద, నోటీసు లెక్క అలవెన్సులతో కలిపిన పూర్తి జీతం మీద. అంటే 1,500 పోయి 1,650 మిగులుతుంది. బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ చూపించే ఒప్పందం కార్మికుణ్ని రెండు వైపులా కోస్తుందన్నమాట. మధ్యలో మానేసినందుకు అతను చెల్లించే మూల్యం ఈ నోటీసు డబ్బు, కొన్నిసార్లు తిరుగు టికెట్టు. గ్రాట్యుటీ మొత్తం కాదు.

అందుకే రాజీనామా లేఖను వీడ్కోలు కాగితంగా కాక బిల్లుగా రాయాలంటాను. 43వ అధికరణం నోటీసు లిఖితపూర్వకంగా ఉండాలంటుంది. 53వ అధికరణం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బాకీలన్నీ చెల్లించాలంటుంది. ఈ రెంటినీ కలిపేది లేఖలో వేసే చివరి పనిదినం తేదీ. ఆ తేదీ లేకపోతే 14 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో కంపెనీయే చెబుతుంది. చేరిన తేదీ, చివరి బేసిక్, గ్రాట్యుటీ రోజులు, వాడుకోని సెలవుల డబ్బు, ఆగిపోయిన జీతం విడివిడిగా అంకెలతో రాసి, అందినట్టు సంతకమో ఈమెయిలు సాక్ష్యమో ఉంచుకోవాలి. ఆఫీసులో ముందే టైపు చేసిన అరబ్బీ కాగితం మీద 'అన్నీ ముట్టాయి' అన్న వాక్యానికి, డబ్బు చేతికి రాకముందే వేలిముద్ర వేయడం దగ్గరే చాలా కేసులు చెడిపోతాయి. చట్టం ఇచ్చిన హక్కును అలాంటి సంతకం తీసేయలేదు, నిజమే. కానీ డబ్బు ముట్టలేదని నిరూపించే బరువు కార్మికుడి నెత్తిన పడుతుంది. వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు కోసుకుంటామని కంపెనీ అంటే అది చెల్లదు. ఆ ఖర్చులు కార్మికుడి మీద వేయకూడదని 6వ అధికరణం స్పష్టంగానే చెబుతోంది.

ఒప్పందం తప్పినవాడికి డబ్బెందుకని కొందరు లాయర్లే అడుగుతారు. ఒప్పందాలన్నీ ఇప్పుడు గడువున్నవే కాబట్టి మధ్యలో మానేయడం భంగమేనని వాళ్ల వాదన. పాత చట్టంలో అలాంటివాడి మీద 45 రోజుల జీతం దాకా పరిహారం వేసే అధికరణం ఉండేది. కొత్త చట్టంలో అది లేదు. సహేతుక కారణంతో, నోటీసుతో ఒప్పందాన్ని ముగించే దారిని ఇరుపక్షాలకూ తెరిచింది. ఇంకాస్త ఇబ్బందికరమైన ప్రశ్న, నోటీసే ఇవ్వకుండా 'ఖల్లివెల్లి' అయినవాడి సంగతి. పాత 139 లాంటి అధికరణం కొత్త చట్టంలో ఎక్కడా కనబడదు. ఆ మౌనం మర్చిపోవడం వల్ల వచ్చింది కాదని, గ్రాట్యుటీని పనిచేసిన రోజులకు వాయిదా వేసిన కూలీగా మార్చే ఉద్దేశంతో వచ్చిందని నా అభిప్రాయం. గైర్హాజరు మీద కంపెనీ ఫిర్యాదు చేయవచ్చు, ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ ఆగవచ్చు. అవి వేరే శిక్షలు. వాటి పేరు చెప్పి సంపాదించిన కూలీని మింగడానికి చట్టంలో ఆధారం లేదు.

రాతలో హక్కుండి ఏం లాభం, కంపెనీ ఇవ్వకపోతే ఎవరు ఇప్పిస్తారన్న ఆక్షేపణ మిగిలింది. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో అక్కడి మానవ వనరుల మంత్రిత్వ శాఖ నిర్ణయమే నేరుగా అమలుకు వెళ్తుంది. మన మేస్త్రీ 3,150 ఆ హద్దులో ఎక్కడో అడుగున ఉంది. ఫిర్యాదు గడువు కూడా 2024 సవరణతో ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది, అదీ ఉద్యోగం ముగిసిన రోజు నుంచి. తేదీ వేసిన లేఖ విలువ ఇక్కడ మరోసారి తెలుస్తుంది. అయితే ఈ లెక్క పట్టుకుని సౌదీలో వాదించకూడదు. అక్కడ 85వ అధికరణంలో అలాంటి మెట్లే ఇంకా ఉన్నాయి. నాలుగున్నరేళ్ల తర్వాత రాజీనామా చేస్తే దక్కేది మూడో వంతే. కంపెనీ తప్పువల్ల మానేశానని 81వ అధికరణం కింద రుజువు చేస్తే పూర్తి మొత్తం వస్తుంది. అక్కడ 'రాజీనామా' అన్న మాట రాయడమే నష్టం, యూఏఈలో ఆ మాటకు అంత ఖరీదు లేదు. ఈ తేడా చెప్పని వార్త కార్మికుడికి ఎందుకూ పనికిరాదు. 14 రోజుల్లో చెల్లించి తీరవలసిన బాకీని 'ఇప్పించాలని వేడుకోలు' అన్న శీర్షిక కింద వేయడం మన పత్రికలు ఇకనైనా మానాలి.