దద్దుర్లతో ఆగేది, ప్రాణం మీదికి వచ్చేది

మా చెల్లెలి కుమారునికి పదకొండేళ్లు. రెండు సంవత్సరాల క్రితం బంధువుల ఇంట అఖీఖా విందులో జీడిపప్పు బర్ఫీ తిన్న పావుగంటకు వాడి మెడ మీద, పొట్ట మీద ఎర్రని దద్దుర్లు లేచాయి. దోమ కుట్టినట్లు ఉబ్బి, ఒకదానితో ఒకటి కలిసిపోయి విపరీతంగా దురద పెట్టాయి. పై పెదవి ఒక పక్కన ఉబ్బింది. అయినా వాడు మామూలుగానే మాట్లాడుతున్నాడు, తోటి పిల్లలతో ఆడుకుంటున్నాడు. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ మాత్ర ఇచ్చారు. గంటన్నరకు దురద తగ్గింది, తెల్లవారేసరికి పెదవి వాపు కూడా పోయింది. “వేడి చేసింది” అని ఒకరన్నారు, “పిల్లవాడికి దిష్టి తగిలింది” అని మరొకరన్నారు. బర్ఫీ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. నమాజు నుండి తిరిగి వచ్చిన పిల్లవాడు ఉదయం పది గంటల వేళ ఒక గిన్నెడు షీర్ ఖుర్మా తాగాడు. అందులో ఖర్జూరంతో పాటు జీడిపప్పు, పిస్తా దండిగా ఉన్నాయి. నేను ఆ సమయంలో అక్కడే ఉన్నాను. పది నిమిషాల్లో నోరు, నాలుక దురద పెడుతున్నాయన్నాడు. మరి కాసేపటికి మునుపటి లాగే దద్దుర్లు వచ్చాయి, పెదవి ఉబ్బింది. “పోయినసారి కూడా ఇలాగే వచ్చింది, మాత్ర వేస్తే తగ్గిపోయింది” అంటూ మా చెల్లెలు సెట్రిజిన్ ఇచ్చింది. మేమందరం నిశ్చింతగా కూర్చున్నాం.

పదిన్నరకు వాడు ఆగకుండా దగ్గసాగాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. “మామూ, గొంతులో ఏదో అడ్డం పడింది” అన్నాడు. ఆ గొంతు వాడిది కాదనిపించింది, జలుబు చేసిన వారి గొంతులా బొంగురుగా ఉంది. మోటారు సైకిలు మీద మధ్యన కూర్చోబెట్టుకొని దగ్గరలోని ఆర్.ఎం.పి. వద్దకు తీసుకుపోయాం. ఆయన ఎవిల్ సూది ఒకటి, స్టెరాయిడ్ సూది ఒకటి వేసి, “అలర్జీయే, అరగంటలో సర్దుకుంటుంది, ఇంటికి తీసుకెళ్లండి” అన్నారు. బల్ల మీది నుండి లేచి నిలబడగానే పిల్లవాడి ముఖం పాలిపోయింది. కళ్లు తేలవేసి మా చేతుల్లోకి ఒరిగిపోయాడు.

అదృష్టవశాత్తు ప్రభుత్వాసుపత్రి అక్కడికి దగ్గరే. పిల్లవాడిని చూసిన వైద్యురాలు ముందుగా అడిగిన ప్రశ్న “ఏం తిన్నాడు?” అన్నదే. జవాబు వింటూనే వాడిని పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టించి, తొడ కండరంలో అడ్రినలిన్ సూది వేశారు. ఆక్సిజన్, సెలైన్ పెట్టారు. కాసేపటికి దగ్గు తగ్గి రంగు తిరిగింది, కానీ గొంతు బిగుతు పూర్తిగా పోలేదు. మొదటి మోతాదు ఇచ్చిన పది నిమిషాలకు రెండవ మోతాదు ఇచ్చారు. ఆ తర్వాతే వాడు తన గొంతుతో తల్లిని పిలిచాడు. ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు.

మరునాడు ఆ వైద్యురాలు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించిన విషయాలే ఈ మాసం మీ ముందుంచుతున్నాను.

ఒక ఆహారాన్ని శరీరం పొరపాటున శత్రువుగా గుర్తించినప్పుడు దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకొని ఉంచుకుంటుంది. అదే ఆహారం మళ్లీ కడుపులోకి వెళ్లినప్పుడు కొన్ని కణాలు ఒక్కసారిగా పగిలినట్లై హిస్టమిన్ మొదలైన రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ రసాయనాల ప్రభావం చర్మానికే పరిమితమైతే దద్దుర్లు, దురద, పెదవుల వాపు, కనురెప్పల వాపు కనిపిస్తాయి. ఇది తేలికపాటి అలర్జీ. చూడడానికి భయం గొలిపినా ప్రాణాపాయం కాదు. అదే ప్రభావం శరీరమంతటా వ్యాపిస్తే గొంతు లోపలి భాగం వాస్తుంది, ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి, రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. దీనినే అనఫిలాక్సిస్ అంటారు. ఆహారం వల్ల వచ్చేది సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపు మొదలవుతుంది.

కనుక దద్దుర్లు ఎన్ని ఉన్నాయి, పెదవి ఎంత ఉబ్బింది అన్నది ప్రమాదానికి కొలబద్ద కాదు. ఒళ్లంతా దద్దుర్లు నిండినవాడు క్షేమంగా ఉండవచ్చు, నాలుగు దద్దుర్లు ఉన్నవాడు ఆపదలో ఉండవచ్చు. చర్మాన్ని దాటి మరెక్కడికైనా వ్యాపించిందా అన్నదే చూడాలి.

మొదట గొంతును గమనించాలి. నాలుక ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, గొంతు బిగుసుకున్నట్లు ఉండడం, ఉమ్మి మింగలేకపోవడం ప్రమాద సూచనలు. తర్వాత ఊపిరిని గమనించాలి. ఆగని దగ్గు, పిల్లికూతలు, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేని ఆయాసం ఊపిరితిత్తులకు చేరిందని తెలుపుతాయి. మూడవది రక్తప్రసరణ. తల తిరగడం, ముఖం పాలిపోవడం, చల్లని చెమట, స్పృహ తప్పడం రక్తపోటు పడిపోతున్నదనడానికి గుర్తులు. పసిపిల్లలు తల తిరుగుతున్నదని చెప్పలేరు, ఉన్నట్టుండి డీలాపడి వేలాడిపోతారు. ఇక నాలుగవది కడుపు. దద్దుర్లతో పాటు తీవ్రమైన కడుపునొప్పి, పదే పదే వాంతులు వస్తే దానిని అజీర్ణంగా కొట్టిపారేయరాదు. దద్దుర్లకు తోడు ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తోడైనా అనఫిలాక్సిస్‌గానే భావించి కదలాలి. మరొక మాట కూడా ఆమె నొక్కి చెప్పారు. పడని ఆహారం తిన్న వెంటనే గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా దద్దుర్ల కోసం ఎదురుచూడకూడదు. కొందరిలో చర్మం మీద ఏమీ కనిపించదు.

మా పిల్లవాడి విషయంలో పదిన్నరకే మూడు గుర్తులు బయటపడ్డాయి: ఆగని దగ్గు, వాంతులు, బొంగురు గొంతు. మేము వాటిని చూశాం, కానీ పోయినసారి జ్ఞాపకం మా కళ్లకు అడ్డం వచ్చింది. ఒకసారి తేలికగా పోయినంత మాత్రాన తర్వాతిసారి కూడా అలాగే పోతుందని లేదు. పైగా వాడికి చలికాలంలో ఉబ్బసం వస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఈ ప్రమాదం మరింత తీవ్రంగా ఉంటుందని ఆనాడే తెలిసింది.

సెట్రిజిన్, ఎవిల్ వంటి మందులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును అవి తెరవలేవు, పడిపోయిన రక్తపోటును లేపలేవు. స్టెరాయిడ్ పని చేయడానికి గంటలు పడుతుంది. అనఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే. దానిని తొడ మధ్య భాగంలో, బయటి వైపు, కండరంలోకి వేయాలి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. మా వాడి బరువు 30 కిలోలు, కనుక 0.3 మిల్లీగ్రాములు. సాధారణంగా దొరికే ఆంప్యూల్‌లో ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది కాబట్టి అది 0.3 మిల్లీలీటర్లు అవుతుంది. పెద్దవారికి గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాము. గుణం కనిపించకపోతే 5 నుండి 15 నిమిషాలకు మరల ఇస్తారు. ఈ లెక్క మనం ఇంట్లో సూది వేయడానికి కాదు. ఎవిల్ వేసి పంపబోతున్న వారిని “అడ్రినలిన్ అవసరమా?” అని అడగడానికి. సూది తర్వాత కాసేపు గుండె దడ, చేతుల వణుకు ఉంటాయి, త్వరలోనే తగ్గిపోతాయి. ఆలస్యం వల్ల కలిగే నష్టంతో పోలిస్తే అవి లెక్కలోనివి కావు.

108 వచ్చేలోపు మనం చేయవలసిందీ, చేయకూడనిదీ ఉన్నాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టాలి. ఊపిరి అందకపోతే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి. వాంతి అవుతున్నా, స్పృహ లేకపోయినా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు. రక్తపోటు పడిపోయి ఉన్న మనిషి హఠాత్తుగా లేచినప్పుడు గుండెకు చేరే రక్తం తగ్గిపోతుంది, అలా లేచి నిలబడిన క్షణంలోనే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మా పిల్లవాడు బల్ల మీది నుండి లేవగానే ఒరిగిపోవడానికి కారణం అదే. మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి తీసుకుపోవడం మేము చేసిన మరొక తప్పు. గొంతులో వేలు పెట్టి కక్కించడం, మజ్జిగ, నిమ్మరసం తాగించడం కూడా చేయరాదు, అవి ఊపిరి దారికి అడ్డం పడవచ్చు.

ఉపశమనం కలిగిన వెంటనే ఇంటికి పోతామని పట్టుబట్టకూడదు. కొందరిలో కొన్ని గంటల తర్వాత, ఏమీ తినకపోయినా, లక్షణాలు మరల తిరగబెడతాయి. అందుకే కనీసం 4 నుండి 6 గంటలు, తీవ్రంగా వచ్చినవారిని అంతకంటే ఎక్కువ సేపు, ఆసుపత్రిలో ఉంచుతారు. ఇక దద్దుర్లు, పెదవి వాపు మాత్రమే ఉన్నవారికి వైద్యుడు సూచించిన అలర్జీ మాత్ర చాలు. అయితే మాత్ర వేసి నిద్రపుచ్చకూడదు, కొన్ని గంటల పాటు ఒకరు దగ్గరే ఉండి గొంతును, ఊపిరిని గమనిస్తూ ఉండాలి.

తర్వాత అలర్జీ నిపుణుని వద్ద చర్మ పరీక్ష, రక్త పరీక్ష చేయించాం. జీడిపప్పు, పిస్తా రెండూ పడవని తేలింది. ఈ రెండింటి ప్రొటీన్లు దగ్గరి పోలిక గలవి కావడం వల్ల ఒకటి పడనివారికి రెండవది కూడా తరచుగా పడదట. అయితే పరీక్షలో గుర్తు కనిపించిన ప్రతి పదార్థమూ నిజంగా అలర్జీ కలిగిస్తుందని కాదు. తిన్నప్పుడు ఏం జరిగిందన్న చరిత్రతో కలిపి చూసి వైద్యుడే తేల్చాలి. మనంతట మనమే అనుమానించి పాలు, గుడ్లు, గోధుమలు అన్నీ మాన్పించి ఎదిగే పిల్లల్ని నీరసింపజేయరాదు.

మన ఇళ్లలో జీడిపప్పు కంటికి కనిపించేలా మాత్రమే ఉండదు. ఖుర్మా గ్రేవీలో నూరి కలుపుతాం, హలీం మీద వేయించి చల్లుతాం. విందులో ఒకరు “నాకు పడదు” అంటే “ఒక్క చెంచా తింటే ఏమవుతుంది?” అని బలవంతం చేయడం ఆతిథ్యం కాదు. ఆ ఒక్క చెంచాతోనే ప్రమాదం ముంచుకురావచ్చు. వంటలో ఏమేం వేశామో చెప్పి, అతనికి వేరే గరిటెతో వేరే వంట వడ్డించడమే మర్యాద.

మా మదరసా వసతి గృహంలో ఇప్పుడు చేర్పించే రోజునే ప్రతి విద్యార్థి తల్లిదండ్రులను “ఏది పడదు? ఉబ్బసం ఉందా?” అని అడిగి రాసుకుంటున్నాం. వంటగది గోడకు ఒక కాగితం అంటించాం. దాని మీద ఇంతే ఉంది: “దద్దుర్లు మాత్రమే అయితే దగ్గర కూర్చొని గమనించండి. గొంతు మారినా, దగ్గు ఆగకపోయినా, మళ్లీ మళ్లీ వాంతి అయినా, కళ్లు తిరిగినా పడుకోబెట్టి 108 కు ఫోన్ చేయండి. ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో చెప్పండి. అడ్రినలిన్ గురించి అడగండి.”