తాళం పక్కన కాగితం

'మరమ్మతుల నిమిత్తం కార్యాలయము తాత్కాలికముగా మూసివేయబడినది. ప్రజలకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము.' మూసిన షట్టర్ మీద ఇలాంటి కాగితం చూడనివాళ్లు ఉండరు. తాళం ఎదురుగా కనిపిస్తూనే ఉంది కాబట్టి మూసేశారన్న సంగతి చెప్పడానికి కాగితం అక్కర్లేదు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారు, ఈలోగా తన పని ఎక్కడ అవుతుంది, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవే వచ్చినవాడికి కావాలి. ఈ కాగితంలో ఆ మూడూ లేవు.

ఒక చిన్న పట్టణంలో సబ్ పోస్టాఫీసు ఉందనుకోండి. శ్లాబు కారుతోంది, కౌంటర్లు మార్చాలి, వైరింగ్ కొత్తగా వేయాలి. మూడు వారాల పని. 2026 జూన్ 8 సోమవారం మొదలుపెట్టి 27 శనివారానికి ముగించాలని పై అధికారుల అనుమతి వచ్చింది. నోటీసు రాయాల్సిన బాధ్యత సబ్ పోస్టుమాస్టరుది.

ఆయన కలం పట్టుకునే ముందు ఇంకో కాగితం తీసుకోవాలి. ఈ మూడు వారాల్లో ఎవరెవరు ఏ పని మీద గుమ్మం ఎక్కుతారో దాని మీద వరుసగా రాసుకోవాలి. పొదుపు ఖాతాలో డబ్బు వేసేవాళ్లు, తీసేవాళ్లు. నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టేవాళ్లు. స్పీడ్ పోస్టు పంపేవాళ్లు. ఇంట్లో లేనప్పుడు వచ్చిన ఉత్తరం కోసం వచ్చేవాళ్లు. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించుకునేవాళ్లు. ప్రతి పని పక్కనా అది ఎక్కడ జరుగుతుందో రాయాలి. సమాధానం దొరకని పని ఏదన్నా మిగిలితే, నోటీసు ఇంకా సిద్ధం కానట్టే.

ఈ జాబితా వేస్తే ఆఫీసు వాళ్లకే కొన్ని సంగతులు బయటపడతాయి. పోస్టాఫీసులు కోర్ బ్యాంకింగ్‌లోకి వచ్చాక పొదుపు ఖాతా లావాదేవీలకు మరో పోస్టాఫీసుకు వెళ్లినా సరిపోతుంది. కాబట్టి ఆ సమస్య సులువుగానే తీరుతుంది. రికరింగ్ డిపాజిట్ సంగతి వేరు. నెల మొదటి పదిహేను రోజుల్లో తెరిచిన ఖాతాకు ప్రతి నెలా 15లోగా వాయిదా కట్టాలి. 16 నుంచి తెరిచినదానికి నెలాఖరు పనిదినం దాకా గడువుంటుంది. దాటితే నెలకు ప్రతి వంద రూపాయలకు ఒక రూపాయి అపరాధ రుసుము. నెలకు 5,000 కట్టే ఇల్లాలికి 50 రూపాయలు పోతాయి. ఇక్కడ జూన్ 15 సరిగ్గా మూసి ఉన్న రోజుల్లోనే పడింది. 'సేవలు ప్రధాన పోస్టాఫీసులో లభించును' అని ఒక్క ముక్కలో రాస్తే ఈ గడువు ఎవరికీ తట్టదు. దాన్ని విడిగా, తేదీతో సహా చెప్పాలి.

పక్క ఆఫీసులోనూ జరగని పనులు ఉండొచ్చు. వాటిని దాచకూడదు. ఆధార్ కౌంటర్ అక్కడ లేకపోతే, 'జూన్ 29 వరకు ఆధార్ పనులు జరగవు' అని సూటిగా రాస్తే జనం ఆటో డబ్బులు పెట్టుకుని అక్కడి దాకా వెళ్లి తిరిగి రారు. ఖాతా మూసేయడం, నామినీ మార్చడం లాంటివి పక్క ఆఫీసులో తీసుకుంటారో లేదో ముందే అడిగి తేల్చుకోవాలి. తేలకముందే 'అన్ని సేవలూ' అని రాయడం పెద్ద పొరపాటు. ఆ మాట పట్టుకుని వచ్చినవాళ్లకు జవాబు చెప్పలేక ఇబ్బంది పడేది పక్క ఆఫీసు గుమస్తా.

ఇక ఫోన్ నంబరు. చాలా నోటీసుల్లో ఆఫీసు ల్యాండ్‌లైనే వేస్తారు. వైరింగ్ పీకేసిన గదిలో అది మోగినా ఎత్తే నాథుడుండడు. సిబ్బంది తాత్కాలికంగా కూర్చునే చోట పనిచేసే నంబరు ఇవ్వాలి. ఎవరు ఎత్తుతారో హోదా రాయాలి. ఏ వేళల్లో ఎత్తుతారో కూడా రాయాలి. అంటించే ముందు బయటి నుంచి ఒకసారి ఆ నంబరుకు చేసి చూస్తే సరి. తపాలా శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 266 6868ను రెండోదిగా వేయొచ్చు. అయితే మన ఊరి ఉత్తరం ఏ బీరువాలో ఉందో అక్కడివాళ్లకు తెలియదు కాబట్టి అదొక్కటే చాలదు.

ఇవన్నీ తేలాక నోటీసు ఇలా ఉంటుంది:

'ఈ పోస్టాఫీసు మరమ్మతుల కోసం 2026 జూన్ 8 సోమవారం నుంచి 27 శనివారం వరకు మూసి ఉంటుంది. ఇక్కడ ఆఖరి పనిదినం జూన్ 6 శనివారం. మళ్లీ తెరిచేది జూన్ 29 సోమవారం.

పొదుపు ఖాతా, స్పీడ్ పోస్టు: రైల్వే స్టేషన్ ఎదుటి హెడ్ పోస్టాఫీసు. పాస్‌బుక్, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి.

రికరింగ్ డిపాజిట్: 15లోగా కట్టాల్సినవారు జూన్ 6లోపు ఇక్కడ, లేదా 15లోపు హెడ్ పోస్టాఫీసులో కట్టండి.

ఇంటికి వచ్చే ఉత్తరాలు: ఎప్పటిలాగే పోస్టుమ్యాన్ తెస్తారు. మీరు లేనప్పుడు వచ్చినవి హెడ్ పోస్టాఫీసు రెండో కౌంటర్‌లో తీసుకోండి.

ఆధార్ పనులు: జూన్ 29 వరకు జరగవు.

సందేహాలకు: సబ్ పోస్టుమాస్టర్, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు, ఫోన్...'

ఆ చుక్కల్లో పరీక్షించి చూసిన నంబరు వేసి, కింద సంతకం, ముద్ర, నోటీసు పెట్టిన తేదీ ఉంటే చాలు. ఇందులో 'చింతిస్తున్నాము' లేదు. ఉన్నా తప్పు లేదు గానీ, ఒక వరుస మాత్రమే మిగిలితే దాన్ని 15వ తేదీ గడువుకు ఇవ్వడం మేలు. తేదీ పక్కన వారం ఎందుకంటే, 29 అంటే లెక్క వేసుకోవాలి, సోమవారం అంటే గుర్తుంటుంది. 'మూసివేయబడును' బదులు 'మూసి ఉంటుంది' అంటే, చదువు తక్కువైన ముసలమ్మకు మనవడు చదివి వినిపించినా అర్థమవుతుంది.

అంటించడంలోనూ మెలకువ ఉంది. లోపల కౌంటర్ అద్దం మీద పెడితే షట్టర్ దించాక ఎవరికీ కనిపించదు. రెండు వారాల ముందే లోపల ఒకటి, గేటు బయట కంటి ఎత్తులో ఒకటి ఉండాలి. జూన్‌లో వాన పడుతుంది కాబట్టి బయటిది ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాలి. పరంజీ కట్టే మేస్త్రీ దాన్ని పీకెయ్యకుండా ఒక మాట చెప్పి ఉంచాలి. హెడ్ పోస్టాఫీసు గుమ్మంలోనూ ఒక ప్రతి ఉంటే అక్కడి సిబ్బందికి ప్రశ్నలు తగ్గుతాయి. గడప దాటి రాలేని పెద్దవాళ్లకు పోస్టుమ్యాన్ చేతే చీటీ పంపొచ్చు.

చివరగా, పని అనుకున్న రోజుకు పూర్తికాకపోతే? ఇదే పోస్టాఫీసులో 29న తెరవలేకపోతే, నెలాఖరు గడువున్న వాయిదాలవాళ్లకు 30వ తేదీ ఒక్కటే మిగులుతుంది. ఆ సంగతి పాత కాగితం మీద 27ను కొట్టేసి పెన్నుతో దిద్దితే తెలియదు. ఆలస్యం ఖాయమని తెలిసిన రోజునే పాతది తీసేసి, పైన 'తేదీ మారింది' అని పెద్ద అక్షరాలతో, కొత్త తేదీతో, నెలాఖరు వాయిదా ఎక్కడ కట్టాలో చెబుతూ వేరే నోటీసు పెట్టాలి. పాత నోటీసు నమ్మి 29న వచ్చినవాళ్ల కోసం ఆ ఉదయం ఒక మనిషిని గేటు దగ్గర నిలబెడితే, వాళ్లు హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి గడువు దాటకుండా కట్టుకోగలుగుతారు.