గవ్వతో టాస్: తప్పు గవ్వది కాదు

పాలకాయతిప్ప బీచ్‌లో క్రికెట్ టాస్‌కి ఒక్కరి జేబులోనూ రూపాయి బిళ్ల లేదు. అంతా ఫోన్‌లోనే కదా! ఒక గవ్వ తీశాం. దాని రెండు పక్కలూ ఒకలా ఉండవు, ఒక పక్కే ఎక్కువ పడుతుందని గొడవ మొదలైంది.

గవ్వ ఎలాంటిదైనా పర్లేదంటాను నేను. 1951లో జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పిన చిట్కా ఉంది. అదే గవ్వని రెండుసార్లు వేయాలి. వెల్లకిలా-బోర్లా అయితే బ్యాటింగ్ మాకు, బోర్లా-వెల్లకిలా అయితే వాళ్లకి. రెండూ ఒకటే అయితే ఆ జంటని వదిలేసి మళ్లీ కొత్తగా రెండు వేయాలి. వెల్లకిలా పడే అవకాశం 0.6 అనుకోండి. మాది 0.6×0.4, వాళ్లది 0.4×0.6. రెండూ 0.24 మాత్రమే. అసలు ఆ 0.6 ఎంతో తెలియక్కర్లేదు కూడా. కాకపోతే సగం పైన జంటలు వృథా, సగటున నాలుగుసార్లకి పైగానే వేయాలి.

మావాడొకడికి అంత ఓపిక లేదు. వెల్లకిలా-వెల్లకిలా పడగానే, "రెండోది ఉంచుకుని ఇంకొక్కటే వేద్దాంరా" అన్నాడు. కొంప మునిగేది అక్కడే. అలా అయితే మొదట వెల్లకిలా పడ్డాక, బోర్లా పడేదాకా వేస్తూనే ఉంటాం. చివరికి వచ్చేది వెల్లకిలా-బోర్లాయే. అంటే మొదటిసారికే తేలిపోయింది, 0.6 మళ్లీ దిగబడింది.

ఇంకో అనుమానం వేసే చేతి మీద. కిందటిసారి పడ్డ తీరునే గవ్వని అరచేతిలో పెట్టుకుని మెల్లగా జారవిడిస్తే, రెండోసారి పడేది మొదటిదాన్ని బట్టి ఉంటుంది. అప్పుడు ఈ లెక్క చెల్లదు. అష్టాచెమ్మాలోలా గుప్పిట్లో గలగలలాడించి వేయమన్నాను. ఆరోసారికి తేలింది, బ్యాటింగ్ వాళ్లకే.