250 దాటగానే కొనాలంటే ఏ ఆర్డర్?

కొల్లూరు నుంచి ఇటుక బట్టీ నడిపే పాఠకుడొకరు ఉత్తరం రాశారు. ‘‘అయ్యా, మూడు నెలలుగా 230కీ 250కీ మధ్య తిరుగుతున్న షేరు ఒకటి చూస్తున్నాను. 250 దాటితే కొందామని పొద్దున్నే 251కి లిమిట్ ఆర్డర్ పెట్టి బట్టీ దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం చూస్తే 247కే కొనేసి ఉంది. షేరు 250 మొహమే చూడలేదు. తప్పు యాప్‌దా, నాదా?’’

యాప్‌ది కాదండీ. లిమిట్ ఆర్డర్‌లో 251 అని రాయడమంటే ‘251 వచ్చాక కొను’ అని చెప్పడం కాదు, ‘251 మించకుండా కొను’ అని చెప్పడం. మీరు ఆర్డర్ పంపేసరికి 247కి అమ్మేవాళ్లు ఉన్నారు. ఎక్స్చేంజి మీ మాట ప్రకారమే మీకు చవగ్గా కొనిపెట్టింది. మీరు కోరుకున్నది చవక కాదు, రుజువు. మూడు నెలలు అడ్డుపడిన 250ని ధర దాటిందన్న రుజువు దొరికాకే డబ్బు పెట్టాలనుకున్నారు. ఆ షరతు లిమిట్ ఆర్డర్‌లో రాయడానికి చోటే లేదు. దానికోసం ఉన్నది స్టాప్ లిమిట్, మన యాప్‌లలో SL అని కనిపించే ఆర్డర్. చాలామంది దాన్ని నష్టానికి అడ్డుకట్టగానే ఎరుగుదురు గానీ కొనడానికీ అదే పనికొస్తుంది. అందులో రెండు గళ్లుంటాయి. ఒకటి ట్రిగ్గర్ ధర, అంటే ఆర్డర్ నిద్రలేవాల్సిన ధర. రెండోది లిమిట్ ధర, అంటే నిద్రలేచాక దాటకూడని ధర. కొనేటప్పుడు లిమిట్ ఎప్పుడూ ట్రిగ్గర్‌కు సమానంగానో, దానికి పైనో ఉండాలి.

మరి ఈ గొడవంతా ఎందుకు, స్క్రీన్ ముందు కూర్చుని 251 కనపడగానే మార్కెట్ ఆర్డర్ కొట్టేస్తే పోలేదా అని అడగవచ్చు. నిఫ్టీలోని పెద్ద షేర్లలో కొద్ది పరిమాణానికి అలా చేసినా పెద్దగా పోయేదేమీ లేదు. అక్కడ ప్రతి మెట్టు మీదా వేల షేర్లు అమ్మకానికి నిలబడి ఉంటాయి. మన పాఠకుడు చూస్తున్నటువంటి చిన్న షేరులో కథ వేరు. మార్కెట్ ఆర్డర్ అంటే ‘ఎంతకైనా సరే కొనుక్కురా’ అని చెప్పి మనిషిని దుగ్గిరాల పసుపు యార్డుకి పంపడం లాంటిది. సరుకు తప్పకుండా వస్తుంది. రేటు మాత్రం వాళ్లిష్టం.

లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను పెట్టుకున్నవే. కొనాలనుకున్న ధర 251. బ్రేకవుట్ విఫలమైతే బయటపడాల్సిన చోటు 244. ఒక్కో షేరు మీద 7 రూపాయల నష్టానికి సిద్ధం. మొత్తం మీద 5,000 మించి పోగొట్టుకోకూడదు. 5,000ని 7తో భాగించి, కాస్త తగ్గించి 700 షేర్లు అనుకున్నాం. ఇప్పుడు యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరవండి. అమ్మేవాళ్లు ఇలా ఉన్నారనుకుందాం. 251 దగ్గర 150 షేర్లు, 251.50 దగ్గర 100, 252 దగ్గర 150, 252.50 దగ్గర 100. ఆ పైన 253 దగ్గర ఎవరూ లేరు. 254 దగ్గర 100, 255 దగ్గర 200.

మన 700 షేర్ల మార్కెట్ ఆర్డర్ ఈ మెట్లన్నీ ఎక్కుకుంటూ పోయి చివరి వంద షేర్లను 255కి కొంటుంది. మొత్తం ఖర్చు 1,76,750 రూపాయలు, సగటు 252.50. అనుకున్నదానికంటే షేరుకు రూపాయిన్నర ఎక్కువ. స్లిపేజీ అంటే ఇదే. 700 షేర్లకు 1,050 రూపాయలు. డెలివరీ కొనుగోలు మీద ప్రభుత్వం వసూలు చేసే సెక్యూరిటీల లావాదేవీ పన్ను నూటికి 10 పైసలు, ఇక్కడ సుమారు 177 రూపాయలు. బ్రోకరేజీ ఇరవయ్యా, సున్నాయా అని పది కంపెనీలు పోల్చి చూసే మనం ఈ వెయ్యి రూపాయల్ని చూడనైనా చూడం. ఎందుకంటే కాంట్రాక్టు నోటులో ఇది ఏ పేరుతోనూ అచ్చు కాదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 244 దగ్గర బయటపడాల్సి వస్తే పోయేది 4,900 కాదు, 5,950. కొన్న క్షణంలోనే మన హద్దు దాటిపోయాం.

పైగా ఇది మంచి సందర్భం. నిజానికి 250 అనే గీత మన ఒక్కరికే కనపడదు. చార్టు తెరిచిన ప్రతివాడికీ కనపడుతుంది. అందరి ట్రిగ్గర్లూ 250.50కీ 251కీ మధ్యే ఉంటాయి. అవన్నీ ఒక్కసారి నిద్రలేస్తే మన వంతు వచ్చేసరికి కింది మెట్లు ఖాళీ. పైగా డెప్త్‌లో కనపడిన అమ్మకందార్లు కొందరు ధర ఎగరడం చూసి ఆర్డర్లు వెనక్కి తీసుకుంటారు. అందుకే బ్రేకవుట్ వేళ జారే జారుడు మామూలు వేళ లెక్కకు అందదు.

SL-M అనే ఇంకో రకం ఉంది. ట్రిగ్గర్ తగలగానే మార్కెట్ ఆర్డర్‌గా మారిపోతుంది. దానితో ఏమవుతుందో 2021 ఆగస్టు 20న నిఫ్టీ ఆప్షన్లలో చూశాం. ఆ రోజు 16,450 కాల్ ఆప్షన్ ఒక్క క్షణం 800 రూపాయలు దాటి వెంటనే మామూలు ధరకు దిగివచ్చింది. ధర పడిపోతుందనే నమ్మకంతో ఆప్షన్ అమ్మి, రక్షణ కోసం పైన SL-M పెట్టుకున్నవాళ్లకు అది చేటయింది. అదే ఏడాది సెప్టెంబరు 27 నుంచి ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో SL-M తీసేసింది. బీఎస్‌ఈ అయితే 2023 అక్టోబరు 9 నుంచి షేర్లతో సహా దాన్ని ఆపేసింది. ఎక్స్చేంజిలే ఇంత జాగ్రత్తపడ్డాక, పల్చటి షేరులో బ్రేకవుట్ కొనడానికి SL-M వాడటం నా దృష్టిలో తప్పే.

ఇక స్టాప్ లిమిట్ దగ్గరికి వద్దాం. ట్రిగ్గర్ 251. లిమిట్ ఎంత? ఇక్కడే చాలామంది పావలానో అర్ధో తోచినంత వేసేస్తారు. డెప్త్‌ను చూసి వేయాలి. మన ఉదాహరణలో 252.50 దాకా మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆ పైన గుంట ఉంది. కాబట్టి లిమిట్ 252.50. ఇప్పుడు అసలు సంగతి. షేర్ల సంఖ్యను ట్రిగ్గర్ ధరతో కాదు, లిమిట్ ధరతో లెక్కగట్టాలి. 252.50లోంచి 244 తీస్తే 8.50. 5,000ని దానితో భాగిస్తే 588 షేర్లు. 700 కాదు. ఇలా చేస్తే కొనుగోలులో ఎంత జారినా అది ముందే మన నష్టపు హద్దులో పడిపోయి ఉంటుంది. అదే డెప్త్ మీద ఈ ఆర్డర్ నడిస్తే 500 షేర్లు వెంటనే వస్తాయి, సగటు 251.70. మిగిలిన 88 షేర్లు 252.50 దగ్గర కాచుకుని ఉంటాయి.

ఆ 88 విషయంలో జాగ్రత్త. షేరు 252.50 దాటి దూసుకుపోతే అవి రావు. తిరిగి కిందికి వస్తేనే వస్తాయి. ధర కిందికి రావడమంటే, చాలాసార్లు, బ్రేకవుట్ చల్లబడుతోందని అర్థం. గట్టిగా పరుగెత్తే బ్రేకవుట్‌లలో మనకు కొన్ని షేర్లే దక్కుతాయి, ఒక్కోసారి ఒక్కటీ దక్కదు. నీరుగారిపోయేవాటిలో మాత్రం అడిగినన్నీ దొరుకుతాయి. లిమిట్ వల్ల కలిగే నష్టం ఇదే. స్లిపేజీలాగా ఇదీ ఏ నోటులోనూ కనపడదు. కాబట్టి మొదటి విసురు అయిపోయాక మిగిలిన ఆర్డర్‌ను రద్దు చేయాలన్నది నా పద్ధతి. పదిహేను నిమిషాల చార్టు చూసేవాళ్లయితే ఆ కాండిల్ ముగిసేదాకా ఆగి, రాకపోతే తీసేయాలి.

రోజంతా స్క్రీన్ ముందు ఉండలేని మన బట్టీ యజమానికి ఇక్కడే ఇబ్బంది. ఆయనలాంటివాళ్లు ఎక్కువగా వాడేది GTT. అది రోజుల తరబడి బ్రోకర్ దగ్గరే ఉండి, ధర ట్రిగ్గర్‌ను తాకిన రోజున లిమిట్ ఆర్డర్‌ను ఎక్స్చేంజికి పంపుతుంది. రాత్రి మంచి వార్త వచ్చి షేరు మర్నాడు 9.15కి నేరుగా 258 దగ్గర తెరుచుకుందనుకోండి. ట్రిగ్గర్ తగిలినట్టే. 252.50 లిమిట్ ఆర్డర్ వెళ్లి అక్కడ కూర్చుంటుంది. ఆ రోజంతా 258 పైనే ఉంటే ఏమీ దక్కదు, అది నయమే. మధ్యాహ్నానికి లాభాల స్వీకరణ మొదలై ధర 250 దాకా జారితే దారిలో మన ఆర్డర్ నిండిపోతుంది. సాయంత్రం చూసుకుంటే చేతిలో ఉన్నది ఎగిరే షేరు కాదు, పడుతున్న షేరు. ట్రిగ్గర్ తగిలినట్టు ఫోన్‌కు సందేశం రాగానే ఒక్క నిమిషం బట్టీ పని ఆపి, ధర ఎక్కడుందో చూసి, లిమిట్ కంటే బాగా పైన ఉంటే రద్దు చేసేయడమే మార్గం.

ఇంకొక లోపం కూడా చెప్పాలి. ట్రిగ్గర్ చివరగా జరిగిన లావాదేవీ ధరను మాత్రమే చూస్తుంది. పల్చటి షేరులో ఎవరో ఒక్క షేరు 251కి కొన్నా చాలు, ఆర్డర్ లేచిపోతుంది. దీనికి స్టాప్ లిమిట్‌లో మందు లేదు. దీన్ని తప్పించుకోవాలంటే కాండిల్ 250 పైన ముగిసేదాకా చూసి, అప్పుడు చేత్తో లిమిట్ ఆర్డర్ వేయాలి. ధర 251.50 దగ్గరుంటే 252.50కి వేస్తే ఆ లోపు అమ్మేవాళ్లందరినీ అందుకుంటుంది, ఆ పైకి పోదు. మన పాఠకుడు పొద్దున పెట్టిన ఆర్డర్ కూడా ఇదే, వేళే తప్పింది. స్క్రీన్ ముందు కూర్చోగలిగినవాళ్లకు నేను దీన్నే మొదటి స్థానంలో పెడతాను.

అమ్మేటప్పుడు మాత్రం ఇంత పిసినారితనం పనికిరాదు. 244 దగ్గర బయటపడే ఆర్డర్‌లో ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య విశాలంగా చోటివ్వాలి. కొనలేకపోతే పోయేది ఒక అవకాశం. అమ్మలేకపోతే షేరు పడుతున్నకొద్దీ డబ్బు పోతూనే ఉంటుంది.

కాబట్టి, కొల్లూరు పాఠకులకు నా సమాధానం ఇది. ఇకపై 251 లిమిట్ మానేసి, మీరు చూడగలిగిన రోజుల్లోనే ట్రిగ్గర్ 251, లిమిట్ 252.50తో SL పెట్టండి. అదీ ఆ ఉదయం డెప్త్ ఆ రేటును సమర్థిస్తేనే. షేర్లను 252.50తో లెక్కగట్టండి. డెప్త్‌లోని మెట్లలో కనపడే షేర్లన్నీ కలిపినా మీకు కావలసినన్ని లేకపోతే, ఆ షేరు మీ పెట్టుబడికి చిన్నది. పరిమాణమైనా తగ్గించండి, దాన్నైనా వదిలేయండి.