గోడ పెంచండి, వీణ జోలికి మాత్రం వెళ్ళొద్దు

అమ్మమ్మ వీణ వాయిస్తున్న ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. చిన్న నిలువు ఫొటో. తీసినవాళ్ళెవరో గానీ అమ్మమ్మ ముఖం మీదే దృష్టి పెట్టారు, దాంతో ఫొటో కుడి అంచు దగ్గర వీణ తెగిపోయింది. కుండ ఉంది, దండి మీద సగానికి పైగా మెట్లు ఉన్నాయి, ఆపైన ఏమీ లేదు. అది ఒకే పనస దుంగలో తొలిచిన బొబ్బిలి వీణ. అమ్మ చదువుకి డబ్బు అవసరమైనప్పుడు అమ్మేశారట. అంటే ఇప్పుడు మాకు మిగిలింది ఫొటోలో పడినంత వీణే.

మన పత్రిక ముఖచిత్రానికి అడ్డంగా ఉండే బొమ్మ కావాలనగానే నాకు ఈ ఫొటో గుర్తొచ్చింది. అవుట్‌పెయింటింగ్ చేద్దామనుకున్నాను. ఫొటో చుట్టూ ఖాళీ కాన్వాస్ పెంచి, ఆ ఖాళీని డిఫ్యూజన్ మోడల్ చేత నింపించడమే ఆ పని. ఖాళీలో మొదట ఉత్త నాయిస్ ఉంటుంది. మోడల్ దాన్ని అంచెలంచెలుగా శుభ్రం చేస్తూ, ప్రతి అంచెలోనూ పక్కనున్న అసలు ఫొటోని చూసుకుంటూ బొమ్మ కడుతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'అక్కడ ఏముండేది' అన్నది దానికి తెలీదు. 'ఇలాంటి వాటి పక్కన మామూలుగా ఏముంటుంది' అన్నదే తెలుసు.

గోడకీ చాపకీ ఆ తెలివి బ్రహ్మాండంగా సరిపోయింది. సున్నం పెచ్చులూడిన గోడ, చాప అల్లిక, గోడ మీద పడ్డ నీడ, అన్నీ అతుకు తెలీకుండా వచ్చాయి. ఇంత గోడకి బదులు అంత గోడ ఉంటే నాకేం అభ్యంతరం లేదు. చిక్కంతా వీణ దగ్గరే.

మొదటిసారి కుడివైపు కాన్వాస్ ఒకేసారి బాగా పెంచాను. దండి పొడుగ్గా సాగి సాగి, కొత్త అంచు దగ్గర మళ్ళీ తెగింది! నవ్వొచ్చింది గానీ దీనికి కారణం ఉంది. మోడల్ చూసి నేర్చుకున్న ఫొటోల్లోనే వస్తువులు అంచుల దగ్గర తెగి ఉంటాయి. పైగా శిక్షణ కోసం ఆ ఫొటోలను ఇంకా కత్తిరించేవారు. పాత స్టేబుల్ డిఫ్యూజన్ మోడళ్ళు తల తెగిన పిల్లుల్ని గీయడానికి ఈ కత్తిరింపే కారణమని 2023లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ పత్రంలో దాన్ని తయారుచేసినవాళ్ళే రాశారు. ఆ కొత్త మోడల్‌కి శిక్షణలో ప్రతి ఫొటోతో పాటు అది ఎక్కడ కత్తిరించారో కూడా చెప్పారు. నేను వాడింది అంతకు ముందు రకం.

రెండోసారి కొంచెం కొంచెంగా, రెండు విడతల్లో పెంచాను. ఈసారి వీణ పూర్తయింది. హాస్టల్లో చూసినవాళ్ళంతా "అదిరిందిరా" అన్నారు. ఆ ఊపులో మా పిన్ని కొడుక్కి పంపించాను, వాడు వెంటనే కుటుంబం గ్రూపులో పెట్టేశాడు.

సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇదేమిట్రా నాన్నా, చివర వయొలిన్ తలలా ఉంది? మన వీణకి యాళి కదరా ఉండాలి. దానికి ఒక చెవి విరిగిపోయింది కూడా."

నిజమే. చివర చుట్ట తిరిగిన వయొలిన్ తల ఉంది. తీగల వాయిద్యం అనగానే మోడల్‌కి వీణల కంటే వయొలిన్లే ఎక్కువ తెలుసు కాబోలు. ఇంతమందిమి చూసి ఒక్కళ్ళమూ పట్టుకోలేదు. తెలుగు సాహితీ క్లబ్బు వాళ్ళం మళ్ళీ!

అప్పుడు కూర్చుని మెట్లు లెక్కపెట్టాను. వీణకి ఇరవైనాలుగు మెట్లు, రెండు స్థాయిలు. అసలు ఫొటోలో పద్ధెనిమిది కనిపిస్తున్నాయి కాబట్టి ఇంకా ఆరే ఉండాలి. మోడల్ తొమ్మిది పెట్టింది. అన్నీ సమాన దూరంలో, నోటుబుక్కు గీతల్లా ఉన్నాయి. కానీ మెట్ల మధ్య దూరం యాళి వైపు వెళ్ళేకొద్దీ పెరగాలి. ఒక స్థాయి పైకి వెళ్ళాలంటే మోగే తీగ సగం కావాలి, ఆ సగాన్ని పన్నెండు మెట్లు పంచుకుంటాయి. గుర్రం నుంచి n-వ మెట్టు దూరం ఇదీ:

```
d(n) = L / 2^(n/12)
```

L అంటే గుర్రం నుంచి తీగ మొదలయ్యే మేరువు దాకా ఉన్న దూరం. అది ఫొటోలో లేదు, కానీ కనుక్కోవచ్చు. కుండ వైపు చిట్టచివరిది ఇరవైనాలుగో మెట్టు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడితే పన్నెండోది దొరుకుతుంది, అది సరిగ్గా సగం దూరంలో ఉండాలి. స్కాన్‌లో గుర్రం నుంచి పన్నెండో మెట్టుకి 430 పిక్సెళ్ళు వచ్చింది, కాబట్టి మేరువు 860 దగ్గర. ఫొటో 600 దగ్గర తెగింది. అంటే మేరువు దాకా లోటు 260 పిక్సెళ్ళు. ఏడో మెట్టుకీ ఆరో మెట్టుకీ మధ్య 34, మొదటి మెట్టుకీ మేరువుకీ మధ్య 48 రావాలి. మెట్లను చెవితో సరిచూసి మైనంలో నిలబెడతారు కనక వెంట్రుకవాసి తేడాలుంటాయి. వీణ కెమెరాకి ఏటవాలుగా ఉంటే కూడా ఈ లెక్క కుదరదు. ఇరవైనాలుగో మెట్టు 215 దగ్గర పడిందో లేదో చూసుకున్నాను. పడింది, కాబట్టి మా ఫొటోలో వీణ దాదాపు అడ్డంగానే ఉంది.

ఇంకో సంగతి ఇంకా ఇబ్బంది పెట్టింది. పాత ఫొటోని కొత్తదాని మీద పెట్టి, పై పొరని డిఫరెన్స్ మోడ్‌లోకి మార్చి చూశాను. రెండూ ఒకటే అయినచోట నల్లగా ఉండాలి. అమ్మమ్మ కళ్ళ దగ్గర, పెదవుల దగ్గర బూడిద రంగు మరకలు కనిపించాయి. మాస్కు వేసింది ఖాళీకే అయినా, ఈ మోడళ్ళు మొత్తం బొమ్మని కుదించి మళ్ళీ విప్పుతాయి, ఆ రాకపోకల్లో సన్నని గీతలు మారిపోతాయి. నేను తాకనే లేదనుకున్న ముఖం మారిపోయిందన్నమాట. మందు సులువే. చివర్లో అసలు ఫొటోని యథాస్థానంలో తిరిగి అతికించి, అంచు దగ్గర కొన్ని పిక్సెళ్ళు మాత్రమే కలపాలి. చాలామంది ఈ పని చేయరు.

"ముఖచిత్రమే కదా, ఎవడు లెక్కపెడతాడు?" అని మా ఎడిటర్ వాదన. బకెట్టో బల్లో అయితే నేనూ అదే అంటాను. ఇది అలా కాదు. లేని మనిషిని, అమ్మేసిన వస్తువుని, కూలిన ఇంటిని చూపించే ఏకైక ఫొటోలో తెగిన భాగం నింపడమంటే అక్కడ ఇది ఉండేది అని సాక్ష్యం చెప్పడమే. లెక్కకి అందినంత మేర చెప్పొచ్చు. అందుకే మేరువు దాకా దండి, ఆరు మెట్లు నేనే కొలతల ప్రకారం చేత్తో గీశాను. యాళి దగ్గర ఆగిపోయాను. ఇంకో బొబ్బిలి వీణ యాళిని తెచ్చి అతికించొచ్చు, కానీ ఆ విరిగిన చెవి ఏ వైపుదో అమ్మమ్మకే గుర్తు రావట్లేదు. అందుకని ముఖచిత్రంలో కుడి అంచు మేరువు దగ్గరే వస్తుంది, వెడల్పు చాలనిచోట ఎడమవైపు గోడ పెంచాను. వీణ ఇప్పటికీ తెగే ఉంది. అసలు ఫొటో ఎక్కడ ముగిసిందో తెలిసేలా సన్నని తెల్ల గీత కూడా పెట్టాను. అందం చెడిందని ఎడిటర్ కోపం.

గ్రూపులో మాత్రం ఆ వయొలిన్ తల వీణే ఇంకా తిరుగుతోంది. అమ్మమ్మ తమ్ముడు, చిన్నప్పుడు ఆ వీణ పక్కనే కూర్చుని పాఠం విన్న మనిషి, దాని కింద ఇలా రాశారు: "అదే వీణ! ఎన్నాళ్ళకి చూశానమ్మా." నేను ఆయనకి ఇంకా జవాబివ్వలేదు.